పాలసీ మీద లక్ష డాలర్లు, లోపల ఎన్ని? అమ్మానాన్నల అమెరికా ప్రయాణానికి ముందు చూసుకోవాల్సిన క్లాజులు

అనంతపురంలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ట్రావెల్ ఇన్సూరెన్స్ మాట వస్తే చాలాసార్లు వినపడేది ఒకటే: "లక్ష డాలర్లకు తీసుకున్నాం, ఇంక టెన్షన్ లేదు." ఏజెంటు పంపిన పీడీఎఫ్‌లో మొదటి పేజీ మీద ఆ లక్ష పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని వెనక ముప్పై నలభై పేజీల 'పాలసీ వర్డింగ్స్' ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు. క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ తెరిచేది మాత్రం దాన్నే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాయనకు 66 ఏళ్లు, రిటైర్డ్ టీచరు. అమ్మకు 61. కూతురు డాలస్‌లో ఉంది, నిండు గర్భిణి. వీళ్లు బెంగళూరులో విమానం ఎక్కి వెళ్లి అయిదు నెలలు ఉండి రావాలనుకుంటున్నారు. నాయనకు పదేళ్లుగా బీపీ, సుగర్ ఉన్నాయి. రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. మన దగ్గర అమెరికా వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి అన్ని లెక్కలూ వీళ్ల మీదే వేసుకుందాం.

యూరప్‌లోని షెంజెన్ దేశాలకైతే కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ చూపించందే వీసా రాదు. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి షరతు లేదు. ఇన్సూరెన్స్ తీసుకోవాలా, ఎలాంటిది తీసుకోవాలి అన్నది పూర్తిగా మన నెత్తినే ఉంటుంది.

లక్ష డాలర్లు ఎక్కడ ఆగిపోతాయి

డాలస్‌లో దిగిన రెండు నెలలకు అమ్మకు కడుపులో విపరీతమైన నొప్పి వచ్చిందనుకుందాం. అంబులెన్స్ వచ్చింది, ఆసుపత్రిలో స్కాన్ తీశారు, పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది, ఆపరేషన్ చేశారు, రెండు రోజులు ఉంచారు. ఇంతకుముందు ఆమెకు ఆ జబ్బు లేదు. అంటే పాత జబ్బు అన్న పేచీ లేదు. ఇలాంటి క్లెయిమ్ నేరుగా పాసైపోవాలి కదా? పాసవుతుంది. కానీ ఎంతకు పాసవుతుందో చూడండి.

లెక్క తెలియడం కోసం నేనే వేసిన అంకెలివి. గదికి 9,000 డాలర్లు, సర్జరీకి 14,000, మత్తు డాక్టరుకు 3,500, పరీక్షలకు 4,500, అంబులెన్స్‌కు 1,800. మొత్తం 32,800 డాలర్లు. పాలసీ లక్షకు ఉంది కాబట్టి అంతా వస్తుందనే ఎవరైనా అనుకుంటారు.

ఇక్కడ సబ్ లిమిట్ అనే క్లాజు అడ్డం వస్తుంది. మన దేశపు ట్రావెల్ పాలసీల్లో 60 దాటిన వాళ్లకు ఇది తరచుగా ఉంటుంది. మొత్తం లక్ష అయినా గదికి రోజుకు ఇంత, సర్జరీకి ఇంత, పరీక్షలకు ఇంత అని విడివిడిగా గీతలు గీసి ఉంటాయి. మన ఉదాహరణలోని పాలసీలో గదికి రోజుకు 1,500, సర్జరీకి 8,000, మత్తు డాక్టరుకు సర్జరీలో పావు వంతు, పరీక్షలకు 1,000, అంబులెన్స్‌కు 400 అని రాసి ఉందనుకోండి. గదికి రెండు రోజులకు 3,000 వస్తుంది. సర్జరీకి 8,000, మత్తుకు 2,000, పరీక్షలకు 1,000, అంబులెన్స్‌కు 400. అన్నీ కలిపితే 14,400. ఇందులోంచి డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందుగా మనం భరించాల్సిన మొత్తం, వంద డాలర్లు పోతుంది. కంపెనీ ఇచ్చేది 14,300. మిగిలిన 18,500 డాలర్లు కూతురు, అల్లుడు కట్టుకోవాలి. డాలరు 90 రూపాయల లెక్కన అది 16 లక్షల 65 వేలు.

ఇంకో పాలసీలో రెండున్నర లక్షల డాలర్లు అని రాసి ఉండి, లోపల ఇవే సబ్ లిమిట్లు ఉంటే ఈ ఆపరేషన్‌కు వచ్చేది మళ్లీ అదే 14,300. అందుకే రెండు పాలసీలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు పెద్ద అంకెను పోల్చడం దండగ. సబ్ లిమిట్ లేని 50,000 డాలర్ల పాలసీ, సబ్ లిమిట్ ఉన్న రెండున్నర లక్షల పాలసీ కంటే ఈ కేసులో ఎంతో నయం. మీ పెద్దవాళ్ల వయసుకు సబ్ లిమిట్ లేని ప్లాన్ ఉందా అని ఏజెంటును సూటిగా అడగండి. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. అయినా డబ్బులు పెట్టాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.

అక్కడ అమెరికా కంపెనీలు అమ్మే విజిటర్ పాలసీల్లో కూడా ఇదే తేడా రెండు పేర్లతో ఉంటుంది. 'ఫిక్స్‌డ్ బెనిఫిట్' అంటే ప్రతి పనికీ ఇంత అని ముందే గీత గీసినది. 'కాంప్రిహెన్సివ్' అంటే డిడక్టిబుల్ పోగా మిగతా బిల్లులో ఎక్కువ భాగాన్ని మొత్తం పరిమితి దాకా భరించేది. ఫిక్స్‌డ్ బెనిఫిట్ చవక. ఎందుకు చవకో పై లెక్కలోనే ఉంది. ఒక సౌకర్యం ఏమిటంటే మామూలుగా ఆ పాలసీలను అమెరికాలో దిగిన తర్వాత కూడా కొనుక్కోవచ్చు. మన కంపెనీల పాలసీ మాత్రం ఇండియా దాటకముందే తీసుకోవాలి. ఉండే రోజులు పెరిగితే గడువు ముగియకముందే పొడిగింపు అడగాలి, ముగిశాక అడిగితే ఇవ్వరు.

బీపీ, సుగర్ ఉన్న నాయన సంగతి

అమ్మ కేసు లెక్కల గొడవ. నాయన కేసు అసలు ఇస్తారా, ఇవ్వరా అన్న గొడవ.

పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బును 'ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్' అంటారు. దీని గురించి పాలసీలు స్థూలంగా మూడు రకాలుగా మాట్లాడతాయి. మొదటి రకం అస్సలు ఇవ్వనంటుంది. బీపీ ఉన్న మనిషికి పక్షవాతం వస్తే అది బీపీ వల్లే వచ్చిందని చెప్పి చేతులు దులిపేసుకుంటుంది. రెండో రకం, ప్రాణాపాయం ఉన్న ఎమర్జెన్సీ అయితేనే ఇస్తుంది, అదీ విడిగా పెట్టిన ఒక చిన్న పరిమితి దాకా, మనిషి కుదుటపడేంత వరకే. మూడోది అమెరికా పాలసీల్లో కనిపించే 'అక్యూట్ ఆన్‌సెట్' క్లాజు. పాత జబ్బు ముందస్తు సూచన ఏదీ లేకుండా హఠాత్తుగా ముదిరితే, లక్షణం కనిపించిన 24 గంటల్లోపు చికిత్సకు వెళ్తే ఇస్తామంటుంది. దీనికి వయసు పరిమితి కూడా ఉంటుంది, చాలా పాలసీల్లో 70 దగ్గర కవర్ ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతుంది.

రెండో రకంలో 'కుదుటపడేంత వరకే' అన్న ముక్క దగ్గర కొంచెం ఆగాలి. నాయనకు గుండెపోటు వచ్చింది, మూసుకుపోయిన రక్తనాళంలో వెంటనే స్టెంట్ వేశారు. అది ప్రాణం నిలబెట్టే పని. నాలుగు రోజుల తర్వాత డాక్టరు ఇంకో నాళంలో కూడా అడ్డం ఉంది, దానికీ వేస్తే మంచిదన్నాడు. ఇక్కడ కంపెనీ అడిగే ప్రశ్న వేరు: ఇది ఇండియాకు వెళ్లి చేయించుకునే దాకా ఆగుతుందా, ఆగదా? ఆగుతుందంటే ఆ రెండో స్టెంట్‌కు డబ్బులు రావు. ఇండియాకు తిరిగివచ్చాక చేయించుకోగలిగిన చికిత్సకు చెల్లించం అన్న వాక్యం మన ట్రావెల్ పాలసీల్లో మామూలుగానే ఉంటుంది, అది పాత జబ్బుకైనా కొత్త జబ్బుకైనా.

మూడో రకంలో 24 గంటల ముక్కే కీలకం. మన పెద్దవాళ్లకు ఓర్చుకునే అలవాటు ఉంది. ఛాతీలో మంటగా ఉంటే "గ్యాస్ అయ్యుంటుందిలే, అల్లుణ్ణి ఆఫీసు నుంచి పిలిపించడమెందుకు" అని జీలకర్ర నీళ్లు తాగి పడుకుంటారు. రెండో రోజు రాత్రి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నర్సు "నొప్పి ఎప్పటినుంచి?" అని అడుగుతుంది. "నిన్న పొద్దున్నుంచి" అని ఉన్నదున్నట్టు చెప్తారు. అది రికార్డులోకి ఎక్కుతుంది. క్లెయిమ్ అక్కడే చిక్కులో పడుతుంది. అబద్ధం చెప్పమని కాదు, ఆ ఒకటిన్నర రోజు ఆగకుండా వెళ్లడమే మందు. ప్రాణానికి కూడా అదే మంచిది.

ఇదే నాయన స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగితే కథ పూర్తిగా మారిపోతుంది. అది ప్రమాదం. సుగర్ ఉందా లేదా అన్నదానికి అక్కడ పని లేదు. చాలా పాలసీల్లో వయసును బట్టి పెట్టే సబ్ లిమిట్లు జబ్బుకే ఉంటాయి, ప్రమాదానికి ఉండవు. మీ పాలసీలో ఎలా ఉందో చూసుకోండి.

ఇక ప్రపోజల్ ఫారం. "ఏమైనా జబ్బులున్నాయా?" అన్న గడి దగ్గర "ఎందుకు సార్ అనవసరంగా, ప్రీమియం పెరుగుతుంది" అంటూ ఏజెంటు 'లేవు' అని టిక్కు పెట్టేస్తాడు. ఆన్‌లైన్‌లో కొనే కొడుకులూ ఇదే పని చేస్తారు. ఇది ఎక్కడ బయటపడుతుందంటే, అమెరికా ఆసుపత్రి ఎమర్జెన్సీలో మొదట తీసుకునేదే పేషెంట్ హిస్టరీ. రోజూ వేసుకునే మాత్రల పేర్లు, ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో రాసుకుంటారు. దాచడానికి లేదు, దాస్తే చికిత్సే తప్పుదారి పడుతుంది. ఆ కాగితం క్లెయిమ్‌తో పాటు కంపెనీకి చేరుతుంది. ఫారంలో లేని జబ్బు అందులో కనిపిస్తే, ఆ జబ్బుకు సంబంధం లేని క్లెయిమ్‌ను కూడా 'సమాచారం దాచారు' అని తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. నిజం రాస్తే కొన్ని కంపెనీలు పాలసీ ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే ఇంకోచోట అడగండి. చెల్లని పాలసీని చేతిలో పెట్టుకుని విమానం ఎక్కడం కంటే అది మేలు.

కొనకముందు కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో కాదు, ఈమెయిలే. "మా నాన్నకు 66 ఏళ్లు. పదేళ్లుగా బీపీ, సుగర్ మాత్రలు వేసుకుంటున్నారు. అమెరికాలో గుండెపోటు వచ్చి స్టెంట్ వేస్తే ఈ పాలసీ చెల్లిస్తుందా, ఎంతవరకు, ఏ క్లాజు కింద?" ఇంతే రాయండి. వచ్చిన జవాబును పాలసీతో పాటు దాచుకోండి. జవాబు డొంకతిరుగుడుగా వస్తే అది కూడా ఒక జవాబే.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది

ఎమర్జెన్సీ అయితే ముందు 911. ఇన్సూరెన్స్ అనుమతి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని, డబ్బు కట్టగలడా లేదా అని చూడకుండా పరీక్షించి కుదుటపరచాలని అక్కడ 1986 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది. మనిషి లోపలికి వెళ్లాక కూతురు చేయాల్సింది, పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేయడం. మన కంపెనీకి అక్కడ ఆఫీసు ఉండదు, దాని తరఫున ఒక అసిస్టెన్స్ సంస్థ పనిచేస్తుంది. చేరిన వెంటనే, లేదా పాలసీలో రాసిన గంటల్లోపు, సమాచారం ఇస్తేనే క్యాష్‌లెస్‌కు అవకాశం. ఆ సంస్థ ఆసుపత్రికి చెల్లింపు హామీ పత్రం పంపుతుంది. చిన్న జ్వరానికో పంటి నొప్పికో అయితే మనమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

మన దగ్గర డిశ్చార్జి రోజున ఒక్క బిల్లు చేతికిస్తారు. అక్కడ అలా కాదు. ఆసుపత్రిది ఒకటి, చూసిన డాక్టరుది ఒకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుది ఒకటి, అంబులెన్స్‌ది ఒకటి, వారాల తరబడి పోస్టులో వస్తూనే ఉంటాయి. అమ్మానాన్నలు అనంతపురం చేరుకున్నాక కూడా డాలస్ ఇంటి అడ్రసుకు వస్తాయి. ఒక బిల్లు పంపేసి క్లెయిమ్ అయిపోయిందనుకుంటే మిగతావి కలెక్షన్ ఏజెన్సీకి పోతాయి. అందుకే ప్రతిదానికీ ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఏ పనికి ఎంతో విడివిడిగా ఉన్నది, అడిగి తీసుకుని క్లెయిమ్ నంబరు వేసి పంపుతూ పోవాలి. డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు నోట్స్ కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి. పేషెంటు సంతకం కావాల్సిన కాగితాలు ఉంటాయి, పేషెంటు వెళ్లిపోయాక అవి రాబట్టడం పెద్ద పని.

పెట్టెల్లో ఏముంది

పెద్దవాళ్ల పెట్టెల్లో చెనిక్కాయల పొడి, ఊరగాయ, కూతురికి ధర్మవరం పట్టుచీర, పుట్టబోయే బిడ్డకు బంగారు గొలుసు ఉంటాయి. బ్యాగేజ్ క్లాజు వీటిలో దేన్ని ఎలా చూస్తుందో తెలుసుకుంటే చాలు.

బంగారం సంగతి సులువు, రాదు. నగలు, నగదు, చాలా పాలసీల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కూడా చెక్ ఇన్ బ్యాగేజ్ కవర్‌లోంచి ముందే తీసేసి ఉంటాయి. గొలుసు ఒంటి మీదో చేతిసంచిలోనో వెళ్లాలి.

పట్టుచీరకు రెండు గీతలు అడ్డం వస్తాయి. మొత్తం కవర్ 1,000 డాలర్లు అనుకుంటే, ఒక్కో పెట్టెకు అందులో సగం, పెట్టెలోని ఒక్కో వస్తువుకు పదో వంతు అన్న పరిమితి మామూలుగా ఉంటుంది. అంటే 25,000 రూపాయల చీరకు ఎక్కువలో ఎక్కువ వంద డాలర్లు, పై లెక్కన 9,000 రూపాయలు. అదీ బిల్లు ఉంటేనే. ఇంకో మెలిక, చాలా పాలసీలు పెట్టె మొత్తంగా పోతేనే ఇస్తాయి. పెట్టె వచ్చింది, తాళం పగలగొట్టి చీర ఒక్కటే తీసుకున్నారంటే అది దీని కిందకు రాదు.

పెట్టె ఆలస్యం వేరే క్లాజు. 12 గంటలు దాటాక అని చాలాచోట్ల ఉంటుంది. అప్పుడు అత్యవసరంగా కొన్న బట్టలు, సబ్బులు లాంటివాటికి బిల్లులు చూపిస్తే ఇస్తారు. తిరుగు ప్రయాణంలో ఇండియాలో దిగినప్పుడు ఆలస్యమైతే ఇవ్వం అన్న మాట కూడా తరచుగా ఉంటుంది, ఇల్లు ఇక్కడే కాబట్టి.

నిజానికి పెట్టె పోతే మొదట జవాబు చెప్పాల్సింది విమానయాన సంస్థ. మాంట్రియల్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రయాణాల్లో దాని బాధ్యత ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌ల దాకా ఉంటుంది. ఈ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లో ఉంది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, ఈ పరిమితి సుమారుగా రెండు వేల డాలర్లు అవుతుంది. చాలా బ్యాగేజ్ పాలసీల కంటే ఇదే ఎక్కువ! రెండింటికీ కావాల్సిన మొదటి కాగితం ఒకటే: విమానాశ్రయం దాటకముందే బ్యాగేజ్ కౌంటర్‌లో రాయించుకునే ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, వాళ్ల వాడుకలో పీఐఆర్. పెట్టె దెబ్బతింటే ఏడు రోజుల్లోపు, ఆలస్యంగా చేరితే అది చేతికి వచ్చిన 21 రోజుల్లోపు విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్లాలి.

ప్రయాణం ఆగిపోతే

మెడికల్ కవర్ ప్రయాణంతో మొదలవుతుంది. క్యాన్సిలేషన్ కవర్ మాత్రం పాలసీ తీసుకున్న దగ్గర నుంచి బయలుదేరే దాకానే పనిచేస్తుంది. అంటే విమానం ఎక్కే ముందు రోజు పాలసీ తీసుకునేవాళ్లు క్యాన్సిలేషన్‌కు కట్టిన డబ్బు దాదాపు ఊరికే కట్టినట్టే. ఆ కవర్ కావాలంటే టికెట్లు కొన్నప్పుడే పాలసీ తీసుకోవాలి.

ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చన్నది అపోహ. కారణాల జాబితా ఉంటుంది: ప్రయాణికుడు లేదా దగ్గరి కుటుంబ సభ్యుడు చనిపోవడం, ఆసుపత్రిలో చేరడం, తుపాను లాంటివి. ఇక్కడ 'దగ్గరి కుటుంబం' అంటే ఎవరో వర్డింగ్స్‌లో నిర్వచించి ఉంటుంది. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు మామూలుగా ఉంటారు. మన దగ్గర మేనమామ పోతే ప్రయాణం మానుకోని వాళ్లుండరు. పాలసీకి మాత్రం మేనమామ సాధారణంగా దగ్గరివాడు కాడు. నాయనమ్మకు 88 ఏళ్లు, ఎప్పటినుంచో కిడ్నీ జబ్బు ఉంది, అదే ముదిరి ఆసుపత్రిలో చేర్చారంటే, ఆమె పాత జబ్బు కూడా మినహాయింపు కిందకు రావచ్చు. పాత జబ్బు క్లాజు ఇక్కడ ప్రయాణం చేయని మనిషి దాకా పాకుతుంది.

వీసా తిరస్కరణ మామూలు జాబితాలో ఉండదు. అలాంటప్పుడు ప్రయాణం మొదలు కాకముందే పాలసీనే రద్దు చేసుకుంటే కొంత ఛార్జీ పోగా ప్రీమియం తిరిగిస్తారు, అంతే. టికెట్ డబ్బులు వేరు. క్లెయిమ్ పాసైనా వచ్చేది ఎక్కడా వాపసు రాని మొత్తమే. 2,40,000 రూపాయల టికెట్లలో విమాన సంస్థ 70,000 తిరిగిచ్చిందంటే క్లెయిమ్ 1,70,000 మీదే. వాపసు లేని చౌక టికెట్‌లో కూడా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాలని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది, ముందు అవి అడిగి తీసుకోండి. సగంలో తిరిగి రావాల్సి వస్తే అది 'ట్రిప్ ఇంటరప్షన్' అనే వేరే కవర్. క్యాన్సిలేషన్ ఉంది కదా అని దాన్ని ఉందనుకోకండి.

తిరగ్గొడితే ఎక్కడికి

కంపెనీ క్లెయిమ్ తిరగ్గొట్టినప్పుడు ఏ క్లాజు కింద తిరగ్గొట్టిందో రాతపూర్వకంగా అడగండి. మొదట ఆ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి, దాంతో పాటు బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనో 155255 నంబరుకో ఫిర్యాదు చేయొచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన అనంతపురం, కడప, కర్నూలు వాళ్లకు అది హైదరాబాద్ ఆఫీసు. 50 లక్షల రూపాయల దాకా తగాదాలు తీసుకుంటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కొనకముందు పెట్టిన ఆ ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు అక్కడ పనికొస్తాయి. అమెరికా కంపెనీ దగ్గర కొన్న పాలసీకి ఈ దారి ఉండదు. దాని గొడవ కూతురు అక్కడి రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగంతోనే తేల్చుకోవాలి.